పదో తరగతి తర్వాత మొదటి నవల

బడి వదిలాక పుస్తకం ముట్టని మనిషి నలభయ్యో ఏట ఒక నవల చదువుదామనుకుంటాడు. ఏది మొదలుపెట్టమంటారని తెలిసినవాళ్ళని అడుగుతాడు. జవాబులు చకచకా వస్తాయి. వేయిపడగలు, చివరకు మిగిలేది, అసమర్థుని జీవయాత్ర, అల్పజీవి, అంపశయ్య. చెప్పినవాళ్ళు మంచిమనసుతోనే చెబుతారు, ఆ పేర్లలో తీసిపారేయాల్సినదీ లేదు. అయితే ఆయన అడిగినది ఒకటి, వీళ్ళు చెప్పినది మరొకటి. తెలుగులో గొప్ప నవలలేవని ఆయన అడగలేదు. చదివే అలవాటు తప్పినవాడు దేనితో మొదలుపెట్టాలని అడిగాడు. లంఖణాలు చేసి లేచినవాడికి బీరకాయ పథ్యం పెట్టేవాళ్ళు మన పెద్దలు. గారెలూ పులిహోరా మంచివి కావని కాదు, ఆ పూటకు అవి అరగవని. పుస్తకాల దగ్గరకొచ్చేసరికి ఈ మాట మరిచిపోయి మొదటి రోజే పెళ్ళిభోజనం వడ్డిస్తాం. ఆయన నలభై పేజీలు నమిలి పుస్తకం మూసేస్తాడు. నవలలు తనవల్ల కావని తేల్చుకుంటాడు, ఆ తీర్పు మళ్ళీ పదేళ్ళు నడుస్తుంది.

పోయినదేమిటో ముందు తేల్చుకోవాలి, మందు ఆ తర్వాతి సంగతి. ఈ మనిషికి చదవడం రాకపోవడం లేదు. పొద్దున్నే పేపరు చూస్తాడు, వాట్సాప్‌లో వచ్చిన పొడుగాటి మెసేజీలు చదువుతాడు, టీవీ కింద పరిగెత్తే అక్షరాలు కూడా పట్టేస్తాడు. లెక్కేస్తే రోజుకు నవలలో పది పేజీలంత చదువుతూనే ఉంటాడు. కాని వాటిలో ఏదీ రేపటికి అక్కర్లేదు. వార్త రెండు నిమిషాల్లో అయిపోతుంది, దాన్ని గుర్తుపెట్టుకోకపోయినా రేపటి పేపరు అర్థమవుతుంది. నవల అలా కాదు. ఇవాళ్టి ఏడు పేజీలు అర్థం కావాలంటే నిన్నటి ఏడు పేజీలు తలలో ఉండాలి. సుబ్బారావు ఎవరి తమ్ముడు, ఆ ఉత్తరం ఎవరి చేతికి చిక్కింది, ఆవిడ పుట్టింటికి ఎందుకు పోయింది, ఇవన్నీ మోసుకుంటూ నడవాలి. తప్పిపోయిన అలవాటు ఆ మోత. బడిలో ఆ మోత మన నెత్తిన లేదు. తెలుగు మాస్టారు నాన్‌డిటైల్ పుస్తకం తెరిచి, నిన్న ఎక్కడ ఆపామురా అని అడిగేవారు. ఎవడో ఒకడు లేచి చెప్పేవాడు, కథ మళ్ళీ దారిలో పడేది. ఇప్పుడు రాత్రి పదింటికి మంచం మీద ఒక్కడే పుస్తకం తెరిచిన మనిషికి ఆ ప్రశ్న అడిగే మాస్టారు లేరు. కాబట్టి మొదటి నవలకు ఉండాల్సిన గుణం ఒకటే: ఆ మాస్టారి పని ఆ పుస్తకమే చేసుకోవాలి. నిన్న ఎక్కడ ఆపామో పాఠకుడికి అదే గుర్తుచేయాలి.

ఈ గుణం పుస్తకం లావును బట్టి వచ్చేది కాదు. లావుకు తన లెక్క తనకుంది, దాన్నీ కొట్టెయ్యలేం. మామూలు సైజు తెలుగు పుస్తకంలో పేజీకి రెండొందల నుంచి రెండొందల యాభై మాటలు పడతాయి. అలవాటు తప్పినవాడు నిమిషానికి ఎనభై మాటలు చదివినా ఒక పేజీకి మూడు నిమిషాలు పడుతుంది. రోజుకు ఇరవై నిమిషాలు కేటాయిస్తే ఏడు పేజీలు. రెండొందల పేజీల నవల నెలరోజులు. వెయ్యి పేజీలుండే వేయిపడగలు ఒక్క రాత్రీ మానకుండా చదివితే దాదాపు ఐదు నెలలు, పెళ్ళిళ్ళూ జ్వరాలూ కలుపుకుంటే ఆరు నెలలు. ఇందులో నా సొంత అంచనా ఉంది. ఎవరికి వారు గడియారం దగ్గర పెట్టుకుని ఒక పేజీ చదివి చూసుకుంటే తమ లెక్క తేలుతుంది. ముప్ఫై రోజుల్లో ఒక పుస్తకం పూర్తి చేశానన్న తృప్తి వేరు, మూడు నెలలైనా సగంలో ఉన్నానన్న నీరసం వేరు. అందుకని మొదటిది రెండొందల పేజీల చుట్టుపక్కల ఉంటే మేలు. అలాగని పలచటి పుస్తకమల్లా తేలికనుకుంటే దెబ్బతింటాం. గోపీచంద్ అసమర్థుని జీవయాత్ర చిన్న పుస్తకమే. అందులో కథానాయకుడు సీతారామారావు తనతో తాను పడే తగువే కథ. బయట జరిగేది తక్కువ, లోపల నలిగేది ఎక్కువ. రావిశాస్త్రి అల్పజీవి కూడా చిన్నదే, కాని సుబ్బయ్య భయాలన్నీ అతని తలలోంచి ఎలా పుడితే అలా కాగితం మీదికి వస్తాయి, ఎక్కడ సంఘటన ఆగి ఎక్కడ ఊహ మొదలైందో పాఠకుడే పట్టుకోవాలి. ఇలాంటి పుస్తకాన్ని ఒక రాత్రి మధ్యలో ఆపి మర్నాడు తెరిస్తే పట్టుకోవడానికి కొస దొరకదు. సంఘటన గుర్తున్నంతగా మనఃస్థితి గుర్తుండదు. నిన్న అతను ఎక్కడికి వెళ్ళాడో చెప్పగలం, ఏం అనుకుంటూ వెళ్ళాడంటే మళ్ళీ వెనక్కి తిప్పి చదవాల్సిందే.

పాఠకుడు మరిచిపోతాడనేది రచయితలకు ఎప్పుడో ఎదురైన చిక్కే. దానికి తెలుగులో ఒక పెద్ద పరిష్కారం దొరికింది, దాని పేరు సీరియల్. వారపత్రికలో ఒక ప్రకరణం చదివినవాడు మిగతాది చదవడానికి ఏడు రోజులు ఆగాలి. ఈ లోపు పొలం పనులో, ఆఫీసు గొడవలో, ఇంటికి చుట్టాలో. మాసపత్రికైతే నెల్లాళ్ళు. పత్రికలవాళ్ళు పైన 'జరిగిన కథ' అని నాలుగు వాక్యాలు వేసేవాళ్ళు, కింద 'సశేషం' అని ఆపేవాళ్ళు. అసలు పని మాత్రం రచయితే లోపల చేసేవాడు. ప్రతి ప్రకరణం మొదట్లో మనుషుల పేర్లు మళ్ళీ పలికించేవాడు. ఎవరికి ఏం కావాలో ఒక సంభాషణలో మళ్ళీ చెప్పించేవాడు. ప్రకరణం చివర ఒక తలుపు కొట్టిన చప్పుడు వినిపించేవాడు. ఏడు రోజులు ఆగి వచ్చిన పాఠకుడి కోసం కట్టిన నవల, రాత్రికి ఇరవై నిమిషాలు మాత్రమే ఇవ్వగలిగినవాడికి చక్కగా సరిపోతుంది. పుస్తకంగా వేసేటప్పుడు 'జరిగిన కథ' తీసేస్తారు కాని లోపలి అల్లిక అలాగే ఉంటుంది. అది ఎలా పనిచేస్తుందో చూడాలంటే ఏ సీరియల్ నవలైనా తీసుకుని నాలుగైదు ప్రకరణాల మొదటి పేజీలు వరసగా చూడండి. ఎవరు, ఎక్కడ, దేనికోసం అన్న మూడూ ఆ పేజీలోనే దొరుకుతాయి. సీరియల్‌గా వచ్చిన ప్రతిదీ ఇలాగే ఉంటుందని చెప్పలేను. బుచ్చిబాబు చివరకు మిగిలేది కూడా మొదట పత్రికలో వచ్చినదే, అయినా దయానిధి మనసు వెంట తిరగడం కొత్తగా మొదలుపెట్టినవాడి పని కాదు. కనక పుట్టుక ఒక సూచన మాత్రమే, పేజీ తిప్పి చూడక తప్పదు.

మొదటి నవలగా ఏదో ఒక్కటే చెప్పమంటే నేను డాక్టర్ పి. శ్రీదేవి రాసిన కాలాతీత వ్యక్తులు చెబుతాను. 1957లో తెలుగు స్వతంత్ర పత్రికలో సీరియల్‌గా మొదలైంది. ఆవిడ రాసిన నవల అదొక్కటే, 1961లో చిన్నవయసులోనే పోయారు. కథ విశాఖపట్నంలో నడుస్తుంది. మేడమీద గదిలో వైద్యవిద్యార్థి ప్రకాశం, అదే ఇంట్లో తండ్రి ఆనందరావును తన సంపాదనతో పోషించుకొస్తున్న ఇందిర, వీళ్ళ మధ్యకు వచ్చే కల్యాణి, ఆ తర్వాత కృష్ణమూర్తి. ముఖ్యమైన మనుషులు చేతివేళ్ళ మీద లెక్కకు వస్తారు. ఇక్కడ రచయిత్రి చేసిన పని చిన్నదిగా కనిపిస్తుంది గాని చాలా తెలివైనది. ఒక్కొక్కరికీ ఒక్కో కొరత పెట్టింది, ఆ కొరత వాళ్ళ ప్రతి మాటలోనూ బయటపడుతుంది. ప్రకాశానికి తెగింపు లేదు. ఇందిరకు తెగింపు ఉంది, నిలవడానికి ఆసరా లేదు. కల్యాణికి నిబ్బరం ఉంది, వెనక మనుషులు లేరు. అందువల్ల మూడు రోజులు విరామం ఇచ్చి తెరిచినా, ఇందిర నోరు విప్పిన రెండో వాక్యానికి ఈవిడెవరో గుర్తొస్తుంది. పేరు గుర్తులేకపోయినా మనిషి గుర్తొస్తుంది. పైగా ఈ పాఠకుడు పిల్లవాడు కాడు. ఉద్యోగం, అద్దె, ఇంట్లో పనికిరాని పెద్దమనిషి, ధైర్యం చాలక వదులుకున్న సంబంధం, ఇవన్నీ అతను చూసినవో పడినవో. మాటలు సులువుగా ఉండి విషయం పెద్దవాళ్ళది అయ్యేది తక్కువ పుస్తకాల్లో. చాలామంది ఈ తేడా పట్టించుకోక తేలిక భాష అనగానే పిల్లల కథలు చేతిలో పెడతారు. నలభై ఏళ్ళవాడికి అది అవమానంగానే తోస్తుంది. ఈ నవల ఆధారంగా 1963లో ఆదుర్తి సుబ్బారావు చదువుకున్న అమ్మాయిలు సినిమా తీశారు. సినిమా చూసినవాళ్ళు కథ తెలుసుగా అని పుస్తకం మానక్కర్లేదు. అక్కడ సావిత్రీ అక్కినేనీ గుర్తుంటారు, పుస్తకంలో గుర్తుండేది ఇందిర.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. సీరియల్ నవల అంటే కాలక్షేపం, పాఠకుణ్ణి అక్కడ దింపితే అక్కడే ఉండిపోతాడు, అందుకని మొదటి నుంచే మంచి సాహిత్యం ఇవ్వాలంటారు. ఇందులో సగం నిజం. సీరియల్‌కు దాని జబ్బులున్నాయి. పత్రిక అమ్ముడుపోతుంటే కథ సాగుతుంది. మధ్యలో యాభై అరవై పేజీలు కథ కదలకుండా మనుషులు కాఫీలు తాగుతూ తిరుగుతారు. ప్రకరణం చివర కొట్టిన తలుపు తీస్తే పాలవాడు ఉంటాడు. వారానికొకటి చదివినప్పుడు తెలియని ఈ సాగతీత, నెలలో చదివేవాడికి తెలుస్తుంది. అక్కడ పేజీలు దాటేయడానికి అతనికి మొహమాటం ఉండకూడదు, సీరియల్ కథ పది పేజీలు దాటితే తెగిపోదు. అయితే కాలక్షేపంలోనే ఉండిపోతాడన్న రెండో సగం ఒప్పుకోలేను. తెలుగులో వందలకొద్దీ పేజీలు చదివే అలవాటు లక్షలమందికి అబ్బింది వారపత్రికల వల్లే. సీరియల్ కోసం పత్రిక కొన్న ఇళ్ళలోనే రంగనాయకమ్మ జానకి విముక్తి గురించి వాదించుకున్నారు. యద్దనపూడి సులోచనారాణి సెక్రటరీ చదివినవాళ్ళను చిన్నచూపు చూసే పెద్దమనుషులు ఆ నవలలో ఒక సంగతి గమనించరు. జయంతి ఏం కోరుకుంటోందో, దానికి ఆవిడ అభిమానం ఎక్కడ అడ్డొస్తోందో పాఠకురాలికి ఒక్క పేజీలో కూడా మసకబారదు. కథ నడిపించడంలో అది పనితనం. ఆ ఆడవాళ్ళ నవలలు మనకెందుకు అనే మగ పాఠకులు ఆ పనితనాన్నే యండమూరి వీరేంద్రనాథ్ పుస్తకంలో మెచ్చుకుంటారు. వెన్నెల్లో ఆడపిల్లలో రేవంత్ చదరంగం ఆటగాడు. కనపడని ఒక అమ్మాయి ఫోనులో మాట్లాడుతూ చిక్కుముళ్ళు ఇస్తుంటుంది. ప్రశ్న ఒక్కటే, ఆవిడెవరు, ఎక్కడుంది. ఒక్క ప్రశ్న మీద నిలబడ్డ కథను ఎన్ని రోజుల తర్వాత తెరిచినా పోగొట్టుకోము. క్రైం సినిమాలూ పజిళ్ళూ ఇష్టమైనవాడికి నేను కాలాతీత వ్యక్తులు బలవంతం చేయను, ఇదే ఇస్తాను. దాంట్లో రచయిత పాఠకుడి కంట నీళ్ళు పెట్టించడానికి కాస్త ఎక్కువే కష్టపడతాడని మాత్రం ముందే చెబుతాను.

సీరియల్ కాని పుస్తకాల్లో మాస్టారి పని చేసిపెట్టే మరో ఏర్పాటు ఉంది. కథలోకి కొత్తమనిషి రావడం. ఊరు, ఆచారాలు, ఎవరు ఎవరికి ఏమవుతారు, ఇవేవీ తెలియని వాడొకడు మొదటి పేజీలో దిగితే, పాఠకుడు అడగాల్సిన ప్రశ్నలన్నీ వాడే అడుగుతాడు. దాశరథి రంగాచార్య చిల్లర దేవుళ్ళు చూడండి. నిజాం కాలపు తెలంగాణ పల్లె, గడీ, దొర, కరణం, వెట్టి. ఈ లోకాన్ని లోపలినుంచి మొదలుపెడితే పాఠకుడికి ముందు పరిచయ వ్యాసం చదివించాల్సి వచ్చేది. రంగాచార్య ఆంధ్ర ప్రాంతం నుంచి సారంగపాణి అనే సంగీతగాణ్ణి ఆ ఊరికి రప్పించాడు. అతనికి అర్థమవుతున్న కొద్దీ మనకూ అర్థమవుతుంది, అతను నివ్వెరపోయిన చోట మనమూ ఆగుతాం. మొక్కపాటి నరసింహశాస్త్రి బారిష్టర్ పార్వతీశంలో నవ్వంతా ఈ ఏర్పాటులోంచే పుడుతుంది. మొగల్తూరు కుర్రవాడు నిడదవోలులో రైలెక్కి, మద్రాసులో దొరల టోపీ అనుకుని ఆడవాళ్ళ టోపీ కొనుక్కుని, ఓడెక్కి సీమకు పోతాడు. ఎక్కడికెళ్ళినా అతను కొత్తవాడే, అందుకే ప్రతి మజిలీ ఒక ముక్కగా విడివడి ఉంటుంది. ఒక ముక్క చదివి వారం మానేసినా నష్టం లేదు. ఇక్కడొక జాగ్రత్త. ఆ పుస్తకం మూడు భాగాలు, తర్వాతి రెండూ చాలా ఏళ్ళ తర్వాత వచ్చాయి, మొదటిదాని చురుకు వాటిలో లేదు. మూడూ కలిపి కుట్టిన లావు పుస్తకం కొంటే మొదటి భాగం దగ్గర ఆగి, అయిపోయిందనే అనుకోవాలి. ఇప్పటి కథ కావాలనేవాళ్ళకు సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి కొండపొలం ఉంది. ఇంజనీరింగ్ చదివి ఉద్యోగం దొరకని రవీంద్ర, కరువులో గొర్రెల్ని మేపుకోవడానికి పెద్దవాళ్ళతో కలిసి నల్లమల ఎక్కుతాడు. అడవి అతనికీ కొత్తే. వేయిపడగలులో మనకు ఎదురయ్యేది దీనికి సరిగ్గా తలకిందులు. సుబ్బన్నపేట ఎలా పుట్టింది, కోట ఎలా వెలిసింది, గుడి ఎవరు కట్టించారు, ఈ పూర్వకథంతా మొదటే పరుచుకుంటుంది. ఆ ఊరు మనకు ముందే తెలిసినట్టు విశ్వనాథ మాట్లాడతాడు. అది ఆయన గొప్పే, కాకపోతే ఎక్కేవాడికి మొదటి మెట్టు నడుమెత్తున ఉంటుంది.

కొండపొలం పేరు చెప్పగానే యాస మాట వస్తుంది. యాసలో ఉన్న నవల కొత్తవాడికి కష్టమని పుస్తకాల షాపుల్లో కూడా చెబుతుంటారు. ఎవరికి కష్టం అన్నదే అసలు ప్రశ్న. కడప మనిషికి కొండపొలంలోని మాటలు ఇంట్లో మాటలు. వరంగల్ మనిషికి చిల్లర దేవుళ్ళలోని ఉర్దూ మాటలకు అర్థాలు అక్కర్లేదు. కోస్తా వాళ్ళకు ఏ ఇబ్బందీ ఇవ్వని పత్రికల తెలుగు, కొందరికి ఇప్పటికీ పాఠ్యపుస్తకం వాసన వేస్తుంది. బడిలో చదువు మీద మనసు విరగడానికి అదొక కారణం కూడా. సొంత యాసలో ఉన్న నవల చదివేటప్పుడు కన్ను తడబడినా చెవి అందుకుంటుంది. కాబట్టి మొదటి పుస్తకం సొంత ప్రాంతానిదైతే యాస బరువు కాదు, ఆసరా. పక్క ప్రాంతం యాస రెండో మూడో పుస్తకానికి ఉంచుకోవచ్చు. బెంగళూరులోనో డాలస్‌లోనో పెరిగి ఇంట్లో తెలుగు వింటూ అక్షరాలు మాత్రం ఆలస్యంగా నేర్చుకున్నవాళ్ళకు ఈ మాట మరీ వర్తిస్తుంది. వాళ్ళకు గ్రాంథికం ముక్కలున్న పాత పుస్తకం కన్నా అమ్మమ్మ మాట్లాడినట్టుండే పుస్తకం దగ్గర.

ఇంతెందుకు, నవలకు ముందు కథలు చదవమనొచ్చుగా అనేవాళ్ళూ ఉన్నారు. వినడానికి సబబుగానే ఉంటుంది. పది పేజీల కథ ఒకటి రెండు రాత్రుల్లో అయిపోతుంది, మోత లేదు. చిక్కు అక్కడే. కథ తెరిచిన ప్రతిసారీ కొత్త ఊరు, కొత్త పేర్లు, కొత్త గొంతు. ఏ పుస్తకంలోనైనా బరువైనవి మొదటి రెండు మూడు పేజీలే. నవలలో ఆ బరువు ఒక్కసారి ఎత్తితే నెలంతా తీరిక. పన్నెండు కథల సంపుటిలో పన్నెండుసార్లు ఎత్తాలి. అదీగాక మంచి కథ చాలావరకు చెప్పకుండా వదిలేసిన దానిమీద నిలబడుతుంది, ఆ వదిలేసినది పూరించుకోవడానికి చదివే అనుభవం కావాలి. ఒకే ఊరు, ఒకే మనుషులు తిరిగి తిరిగి వచ్చే కథల గుత్తి అయితే వేరు సంగతి, అది దాదాపు నవలే. నామిని పచ్చనాకు సాక్షిగా, ఖదీర్‌బాబు దర్గామిట్ట కతలు ఆ కోవలోవి.

కొనే ముందు చేయాల్సిన పరీక్ష చిన్నది. షాపులో నిలబడి మొదటి ఐదారు పేజీలు చదవాలి. పుస్తకం మూసి, ఇప్పటిదాకా ఎవరు కనిపించారు, వాళ్ళలో ఎవరికి ఏం కావాలి అని తనను తాను అడగాలి. ఒక్క వాక్యంలో జవాబు వస్తే కొనుక్కోవచ్చు. పేర్లు అరడజను దాటి, ఎవరెవరో కలిసిపోతుంటే ఆ పుస్తకం అక్కడే పెట్టేయాలి. తర్వాత మధ్యలో ఎక్కడో తెరిచి ఒక సంభాషణ పెదవులతో చదివి చూడాలి, మనుషులు మాట్లాడినట్టు ఉందో లేదో నాలుక చెప్పేస్తుంది. ఆఖరున అచ్చు చూడాలి. పాత నవలలు కొన్నింటిని చవగ్గా వేసే తొందరలో అక్షరాలు నలుసుల్లా చేసి, వాక్యాలు పేజీ అంచుదాకా తోసేస్తారు. వత్తులూ గుణింతాలూ ఒకదానిమీద ఒకటి పడతాయి. నలభై దాటినవాడికి ఇది మామూలు ఇబ్బంది కాదు. దగ్గరి చూపు తగ్గడాన్ని మనవాళ్ళు చత్వారం అన్నారు, చాళీసం అన్నారు. రెండు మాటల్లోనూ నలభయ్యే ఉంది. ఫోనులో అక్షరాలు వేలితో పెద్దవి చేసుకుంటాం గనక చత్వారం వచ్చిన సంగతి చాలాకాలం తెలియదు. పుస్తకం ముందు కూర్చుంటే పావుగంటలో కళ్ళు లాగుతాయి, నుదురు బరువెక్కుతుంది, అదంతా విసుగనుకుంటాం. నాకు నవలలంటే ఆసక్తి లేదనేవాళ్ళలో కొందరికి కావాల్సింది కళ్ళజోడు. పుస్తకం మూరెడు దూరం జరిపితే అక్షరాలు తేటపడుతున్నాయంటే సందేహించక్కర్లేదు.

ఇదంతా ఒక మనిషి మీద పెట్టి చూద్దాం. హనుమకొండలో మందుల షాపు నడిపే నలభై రెండేళ్ళ ఆయన్ని ఊహించుకోండి. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాతంతా ఇంగ్లీషు. షాపు కట్టేసి, తిని, మంచం ఎక్కేసరికి పదిన్నర. చదవడానికి దొరికేది ఇరవై నిమిషాలు, వారంలో ఐదు రోజులు. ఇంట్లో నాలుగు పుస్తకాలున్నాయి. ఎవరో గృహప్రవేశానికి ఇచ్చిన వేయిపడగలు, మిత్రుడు మెచ్చుకుంటే కొన్న అల్పజీవి, భార్య చదివిన సెక్రటరీ, పుస్తకాల ప్రదర్శనలో తెచ్చిన చిల్లర దేవుళ్ళు. మొదటిది ఆయన లెక్కన ఆరేడు నెలలు, పక్కన పెట్టాలి. రెండోది నెలలో అవుతుంది గాని రెండు రోజులు విరామం వచ్చిందంటే సుబ్బయ్య ఆలోచన కొస దొరకదు, పైగా అది విశాఖ మనిషి గొంతు. సెక్రటరీ నడకలో లోపం లేదు, కాని ఆయన ఇష్టం ఆ వైపు లేకపోతే మొదటి ప్రకరణాల్లోనే చెయ్యి జారుతుంది. చిల్లర దేవుళ్ళలో మాట ఆయన తాతముత్తాతలది, గడీల కథలు ఇంట్లో విన్నవే, ఊరు చూపించడానికి సారంగపాణి ఉన్నాడు. అదే మొదటిది. పేర్లు తగులుతున్న కొద్దీ అట్ట లోపలి తెల్లకాగితం మీద పెన్సిలుతో రాసుకోవాలి: ఎవరు, ఎవరికి ఏమవుతారు, అంతే. పరీక్షకు చదివినట్టు తెలియని ప్రతి మాటకూ అర్థం వెతకకూడదు, మళ్ళీ మళ్ళీ వచ్చే మాటయితే రెండోసారికి దానంతటదే తెలుస్తుంది. పేజీ చివర ఆపకుండా సంఘటన చివర ఆపాలి. మర్నాడు తెరిచినప్పుడు వెనక్కి ఒక పేజీ తిప్పి అక్కణ్ణుంచి చదవాలి. అలా పోయేది మూడు నిమిషాలు. ఆయన విషయంలో 'జరిగిన కథ' ఆ ఒక్క పేజీయే.

నలభయ్యో పేజీ దాటాక కూడా రాత్రి పుస్తకం కోసం చెయ్యి వెళ్ళకుండా ఫోను వైపే వెళ్తుంటే, పుస్తకం మార్చేయాలి. సెలవు దినాన సరిపడా తీరిక ఉండీ తెరవబుద్ధి కాలేదంటే తప్పు అలసటది కాదు, ఎంపికది. నిద్రమత్తులో రెండు పేజీలకే మూసేస్తున్నా పొద్దున కథ గుర్తొస్తుంటే మాత్రం పుస్తకం సరైనదే, వేళే తప్పు. ఆయన మధ్యాహ్నం షాపులో జనం పలచబడే సమయానికి దాన్ని మార్చుకోవాలి. ఒకటి అయిపోయాక రెండోది ఎంచుకుందామని ఆగితే పది రోజులు పోతాయి, ఆ పది రోజుల్లో ఫోను తన చోటు తాను తిరిగి తీసుకుంటుంది. అందుకని చిల్లర దేవుళ్ళు ఇంకా ముప్ఫై పేజీలు ఉండగానే కాలాతీత వ్యక్తులు తెచ్చి తలగడ పక్కన పెట్టుకోవాలి. దాని తర్వాత ఒక తేలికపాటిది, పార్వతీశం మొదటి భాగమో, కేశవరెడ్డి అతడు అడవిని జయించాడో. ఆ రెండోది చాలా చిన్నది, ఒక ముసలివాడు, అడవిలో తప్పిపోయిన అతని పంది, ఒక్క రాత్రి. ఈ మూడూ అయ్యేసరికి ఐదారు నెలలు గడుస్తాయి. అప్పుడు అల్పజీవి తీసి సుబ్బయ్యతో పది పేజీలు నడిచి చూడొచ్చు. వేయిపడగలు ఎక్కడికీ పోదు. దసరాకి బీరువా దులిపినప్పుడు దాన్నీ దులిపి, మళ్ళీ అదే అరలో పెట్టుకోవచ్చు.